ఏడు రోజుల ఉత్తరం

మా లేబొరేటరీలో ఒక అలవాటుంది. పది సీసాల రంగు కావాలంటే స్టోరుకి పంపే ఇండెంటులో ఇరవై అని రాస్తాం. స్టోరులో కూర్చునే ఆయన ఎందుకూ ఏమిటీ అని అడగడు. ఎర్ర పెన్నుతో ఇరవై కొట్టేసి పది వేస్తాడు. ఆయన కోస్తాడని మాకు తెలుసు, మేం రెట్టింపు రాస్తామని ఆయనకీ తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఈ పద్ధతి మీద ఎవరికీ మనస్పర్థలు రాలేదు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ అలవాటు పుణ్యమా అని ఒక బుధవారం మధ్యాహ్నం నా పై ప్రాణాలు పైనే పోయాయి.

నేను ఆసుపత్రిలో టెక్నీషియన్ని. రోగి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కని కరిగిన మైనంలో పెట్టి దిమ్మ చేస్తాం. దాన్ని మిషను మీద పల్చటి పొరలుగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి డాక్టర్లకి ఇస్తాం. వాళ్లు మైక్రోస్కోపులో చూసి జబ్బు పేరు చెబుతారు. పేరు చెప్పడం వాళ్ల వంతు, కోయడం నా వంతు. ఏళ్ల తరబడి బీరువాల్లో పడి ఉన్న పాత దిమ్మల్ని కోయబోతే పొడిపొడిగా రాలిపోతాయి. అవి రాలకుండా కోసే పద్ధతి ఒకటి ఆరేళ్లు తంటాలు పడి పట్టుకున్నాను. మా పెద్ద డాక్టరుగారు చూసి, "ఇది కాగితం మీద పెట్టమ్మా" అన్నారు. పెట్టాను. వేరే దేశంలో జరిగే ఒక కాన్ఫరెన్సు వాళ్లు దాన్ని తీసుకున్నారు. మొదటి పేరు నాది, రెండో పేరు డాక్టరుగారిది.

అంతకుముందు పదకొండు వ్యాసాల్లో నా పని ఉంది. నా పేరు వేసింది మాత్రం చిట్టచివర, కృతజ్ఞతల్లో, గాజు పలకలు సరఫరా చేసిన కంపెనీ తర్వాత. ఒకదాంట్లో అదీ లేదు, 'సిబ్బంది' అని వేశారు.

ఆ కాన్ఫరెన్సుకి ఒక నియమం ఉంది. వ్యాసం రాసినవాళ్లలో ఎవరో ఒకరు స్వయంగా వచ్చి చదవాలి, లేకపోతే తీసేస్తారు. డాక్టరుగారి పాస్‌పోర్టులో ఆ దేశం వీసా ఎప్పటినుంచో ఉంది, ఇంకా నాలుగేళ్లు పనిచేస్తుంది. నాకు పాస్‌పోర్టు వచ్చిందే మొన్న.

"నువ్వేం బెంగ పెట్టుకోకు. నీకు వీసా రాకపోతే నేను చదివేస్తాగా" అన్నారు డాక్టరుగారు.

ఆయన మంచివాడు. ఆ మంచితనమే నాకు భయం. ఆయన వేదికెక్కి చదివితే ఎవరూ దొంగతనం చేయకుండానే నా పని ఆయనదైపోతుంది. విన్నవాళ్లు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతారు, ఆయన పేరుతోనే గుర్తుపెట్టుకుంటారు. ఆయన మొహమాటపడి, మా టెక్నీషియన్ కూడా బాగా సాయం చేసిందండీ అంటారు. ఆ 'కూడా' అన్న మాట నాకు ముందే వినబడుతూ ఉండేది. పొద్దున్న మిషను దగ్గర నిలబడినా, సాయంత్రం బస్సులో కూర్చున్నా అదే మాట.

వీసాకి ముఖ్యంగా కావలసింది కాన్ఫరెన్సు వాళ్ల ఆహ్వాన పత్రం. మా ఆడపడుచు ఒక ట్రావెల్ ఆఫీసులో వీసా కాగితాలు చూసే పనిలో ఉంది. ఫోన్లోనే పాఠం చెప్పింది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలా పూర్తి పేరు ఉండాలి, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు, దాని గడువు ఉండాలి. ఏం ఉద్యోగం, ఎక్కడ. వ్యాసం పేరేమిటి, దాన్ని తీసుకున్నట్టు ఒక మాట. కాన్ఫరెన్సు ఏ తేదీల్లో ఏ చిరునామాలో జరుగుతుంది, నేను అక్కడ ఎన్నాళ్లుంటాను, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు. కింద సంతకం, సంతకం చేసినవాళ్ల హోదా, ఫోను నంబరు. వీసా ఆఫీసు వాళ్లకి అనుమానం వస్తే ఆ నంబరుకి ఫోన్ చేసి అడుగుతారట.

"అది విన్నాక నాకు నిద్ర పడుతుందంటావా?" అన్నాను.

"ఉన్నదున్నట్టు రాస్తే ఎవరు ఫోన్ చేస్తే మనకేంటొదినా" అంది.

అడగడమంటే నాకు చిన్నప్పటినుంచీ చచ్చేంత చిన్నతనం. పక్కింట్లో గొడుగు అడగమంటే తడుస్తూ వెళ్లే రకాన్ని. ముఖమైనా తెలియని కాన్ఫరెన్సు సెక్రటరీకి, అదీ ఒక పెద్దావిడకి, నా గురించి ఉత్తరం రాసిపెట్టమని ఎలా అడగాలో తెలియక ఒక మెయిలు నాలుగుసార్లు రాసి చెరిపాను. చివరికి రెండు ముక్కలే పంపాను: వీసాకి ఆహ్వాన పత్రం కావాలి, దయచేసి ఇప్పించండి.

ఆవిడ వెంటనే జవాబిచ్చింది. సంతోషమనీ, ఒక్కో దేశం వీసా ఆఫీసు ఒక్కో తీరుగా అడుగుతుంది కాబట్టి అందులో ఏమేం ఉండాలో నన్నే రాసి పంపమనీ, తను లెటర్‌హెడ్ మీద వేయించి సంతకం చేస్తాననీ రాసింది.

అక్కడే మొదలైంది నా పతనం.

మా ఆఫీసులో సీళ్ల మాస్టారు అని ఒకాయన ఉన్నారు. హెడ్ క్లర్కు. బల్లమీద రబ్బరు స్టాంపులు వరసగా నిలబెట్టి ఉంటాయి, ఏ కాగితం మీద ఏది పడాలో కళ్లు మూసుకుని చెబుతారు. ఆసుపత్రిలో ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా ఆయన దగ్గరికే వెళ్తాం. నేను రాసుకున్న చిత్తు కాగితం ఆయన చేతిలో పెట్టాను.

ఆయన చదివి పెదవి విరిచారు.

"ఇదేంటమ్మాయ్, ఇంత పీలగా ఉంది? ఏడు రోజులుంటావా?"

"కాన్ఫరెన్సు మూడు రోజులు మాస్టారూ. పోను రాను రెండు. ముందొక రోజు, తర్వాతొక రోజు."

"ఏడు రాస్తే నాలుగిస్తారు. విమానం దిగేలోపు గడువైపోతుంది. పదిహేను రాయి. కోసేవాడికి కోయడానికి ఏదో ఉండాలిగా." పెన్ను మూత తీశారు. "అక్కడ ఏం చేస్తావు?"

"పన్నెండు నిమిషాలు మాట్లాడతాను. తర్వాత ఎవరైనా అడిగితే ఎలా కోయాలో చూపిస్తాను."

"చూపించడమంటే శిక్షణేగా. రెండు రోజుల శిక్షణ శిబిరం అని రాయి. శిక్షణ ఇచ్చేవాళ్లకి ఏదో ఒకటి ముట్టజెబుతారు, పారితోషికం అని పెట్టు. పన్నెండు నిమిషాలకోసం ఎవరైనా వీసా ఇస్తారా? నిన్ను చూస్తే వాళ్లకి అవసరం అనిపించాలి."

'టెక్నీషియన్' కొట్టేసి 'శాస్త్రవేత్త' అని కూడా వేయబోయారు. చెయ్యి అడ్డం పెట్టాను. "అది వద్దు మాస్టారూ" అన్నాను. ఆ ఒక్కటీ ఆపినందుకు ఎంతో నిజాయితీపరురాలిలా నాకు నేనే కనిపించాను. మిగతావన్నీ అలాగే ఉంచేశాను. అబద్ధం రాస్తున్నానని నాకు తట్టలేదంటే ఎవరూ నమ్మరు, కానీ నిజంగా తట్టలేదు. ఇండెంటు రాస్తున్నట్టే ఉంది. నిజం చెప్పాలంటే ఆ కాగితం చూసుకుంటే నాకు ముచ్చటేసింది కూడా. రెండు రోజుల శిక్షణ శిబిరం. నిర్వహించేది నేను.

సోమవారం పంపాను. మంగళవారం ఉత్తరం వచ్చేసింది, ఒక్క అక్షరం మార్చకుండా, కింద సంతకంతో. మంగళవారం సాయంత్రమే కంప్యూటర్లో దరఖాస్తు నింపి, ఉత్తరం జతచేసి, 'సమర్పించు' అన్నచోట నొక్కాను. గురువారం పదకొండు గంటలకి వీసా ఆఫీసులో హాజరవ్వాలి. ఆ తర్వాత ఖాళీ ఉన్న తేదీ మూడువారాల తర్వాత. అప్పటికి కాన్ఫరెన్సు కుర్చీలు మడతపెట్టేసి ఉంటారు.

బుధవారం మధ్యాహ్నం భోజనం వేళ మా ఆడపడుచు ఆఫీసుకి వెళ్లాను, ఫైలు ఒకసారి సర్దిపెడుతుందని. ఆమె వాగుడుకాయ. ఫైలు చూస్తూ కూడా నా చెప్పుల గురించీ, వాళ్లన్నయ్య బట్టతల గురించీ మాట్లాడుతూనే ఉంది. ఆహ్వాన పత్రం దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. రెండుసార్లు చదివింది. ఆమె అంతసేపు నోరుమూసుకోవడం నేను పెళ్లయినప్పటినుంచీ చూడలేదు.

"వదినా, శిక్షణిచ్చి డబ్బు తీసుకుంటావా అక్కడ?"

"తీసుకోను. ఊరికే రాశాం."

"నువ్వు పెట్టుకున్నది కాన్ఫరెన్సుకెళ్లేవాళ్ల వీసా. దాంతో వెళ్లి పనిచేసి డబ్బు తీసుకోకూడదు. దానికి వేరే వీసా ఉంటుంది, నెలలు పడుతుంది. ఇది చూస్తే వాళ్లు అక్కడికక్కడే కొట్టేస్తారు." కాగితం బల్లమీద పెట్టి వేలితో చూపించింది. "పదిహేను రోజులని ఇక్కడుంది. మీ ఆసుపత్రి ఇచ్చిన సెలవు కాగితంలో ఏడే ఉంది. ఇది చూడలేదా?"

చూడలేదు. సెలవు కాగితం నేను రాయలేదు, డాక్టరుగారు రాశారు. ఆయన ఇండెంటులు రాయరు.

"కోస్తారని రెట్టింపు రాశాం" అన్నాను. బయటికి చెప్పాక ఆ మాట ఎంత తెలివితక్కువగా ఉందో నాకే వినబడింది.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "వాళ్లు కోయరొదినా. ఉంటే ఉందంటారు, లేకపోతే లేదంటారు. ఇచ్చిన కాగితంలో అబద్ధముందని తేలితే ఇంకా పెద్ద గొడవ. కొన్నేళ్లపాటు మళ్లీ పెట్టుకోనివ్వరు. తర్వాత ఏ దేశానికి వెళ్లాలన్నా ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, ఎప్పుడైనా మీకు వీసా నిరాకరించారా అని. అవునని రాసుకుంటూ పోవాలి."

"దరఖాస్తులో మార్చేద్దాం."

"సమర్పించాక మార్చనివ్వదు. అక్కడికెళ్లినప్పుడు కొత్త కాగితం ఇవ్వొచ్చు. ఆ సెక్రటరీకి ఇప్పుడే రాయి. ఉన్నదున్నట్టు ఇంకో ఉత్తరం ఇమ్మను."

"ఏమని రాయను? మీచేత అబద్ధం మీద సంతకం పెట్టించానని రాయనా?"

"అవును" అంది మా ఆడపడుచు. "అలాగే రాయి."

అప్పటిదాకా నా భయమంతా నా గురించే. అప్పుడు ఇంకొకటి వచ్చి కూర్చుంది గుండెల మీద. ఆ ఉత్తరం కింద ఉన్నది ఆవిడ పేరు, ఆవిడ ఫోను నంబరు. వీసా ఆఫీసువాళ్లు ఫోన్ చేస్తే ఎత్తేది ఆవిడ. శిక్షణ శిబిరం ఎక్కడమ్మా అంటే ఏం చెబుతుంది? ఈ కాన్ఫరెన్సు వాళ్లు అడిగినవాళ్లకి అడిగినట్టు రాసిస్తారని ఒకసారి పేరు పడితే, ఆ ఉత్తరాలు పట్టుకుని క్యూల్లో నిలబడ్డ మిగతావాళ్ల గతేమిటి? ముఖం తెలియని మనిషి నన్ను నమ్మి సంతకం చేసింది. నేను ఆ సంతకాన్ని స్టోరు ఇండెంటు చేశాను.

మా ఆడపడుచు కంప్యూటరు ముందే కూర్చుని మెయిలు రాశాను. అక్షరాలు తప్పుపడుతుంటే ఆమె పక్కనుంచి సరిచేసింది. శిక్షణ లేదు, పారితోషికం లేదు, పదిహేను రోజులు కాదు ఏడు, మాట్లాడేది పన్నెండు నిమిషాలు, ప్రయాణం ఖర్చు మా ఆసుపత్రిది, బస ఖర్చు నాది. ఇవన్నీ నేనే కల్పించి రాశాను, మా ఆఫీసు అలవాటు అలాంటిది, క్షమించండి, రేపు పదకొండుకి నా ఇంటర్వ్యూ. పంపాక తెర వంక చూస్తూ కూర్చున్నాను. వాళ్లకీ మాకూ నాలుగున్నర గంటల తేడా. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది.

ఆసుపత్రికి తిరిగివచ్చి మిషను దగ్గర నిలబడ్డాను. ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ తెగని వేలు ఆ రోజు తెగింది. పెద్దగా ఏమీ కాదు, బ్లేడు అంచు తగిలింది. రక్తం చూసి డాక్టరుగారు కంగారుపడి దూదీ గుడ్డా తెప్పించారు.

"ఇంటర్వ్యూకోసం ఇంత హైరానా ఎందుకమ్మా? రాకపోతే నేనున్నాగా" అన్నారు మళ్లీ.

గుడ్డ నేనే చుట్టుకుని మిషను వైపు తిరిగాను. నోరు తెరిస్తే ఆ మంచిమనిషిని ఏదో ఒకటి అనేస్తానని భయమేసింది.

సీళ్ల మాస్టారికి విషయం చెబితే ఆయన ముఖంలో రంగు మారింది. కానీ ఇంకా వెనక్కి తగ్గలేదు. "రెండో ఉత్తరం ఎందుకు తెప్పిస్తున్నావమ్మాయ్? రెండు కాగితాలు రెండు రకాలుగా చెబితే ఏదీ నమ్మరు. మొదటిదే ఇచ్చెయ్యి. రోజుకి వందలమందిని చూస్తారు, ఒక్కో కాగితం పట్టుకుని చదువుతారా ఏంటి? స్టోరాయన చదువుతున్నాడా?"

ఆయన చెప్పేదాంట్లో అర్థం లేదని అనలేను. అదే ఇంకా భయం.

సాయంత్రం బస్సు దిగేసరికి ఫోన్లో జవాబు వచ్చింది. వీధి దీపం కింద నిలబడి చదివాను. కోప్పడలేదు. పొరపాటు తనది కూడాననీ, శిక్షణ విభాగం చూసేవాళ్లని అడగకుండా సంతకం చేశాననీ రాసింది. కొత్త ఉత్తరం పొద్దుటికల్లా పంపుతానంది. కింద ఒక మాట: ఇది మొదటి ఉత్తరానికి బదులుగా ఇస్తున్నామని, అందులో తప్పులేమిటో, వాటిని ఎవరు చెప్పారో కొత్త ఉత్తరంలోనే రాస్తాను.

తప్పులున్నాయని మనమే రాసుకుని తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టడమేమిటి? తలకాయ తీసి బల్లమీద పెట్టినట్టు కాదా? అక్కడే నిలబడి జవాబు కొట్టాను. దయచేసి ఆ వాక్యం వద్దు, కొత్త వివరాలు మాత్రం రాయండి, మొదటి ఉత్తరం ఊసు ఎత్తొద్దు, నా అదృష్టం బాగుంటే వాళ్లు రెండూ కలిపి చూడరు.

దానికి జవాబు రాలేదు.

పొద్దున్న ఆరుగంటలకి చూస్తే ఉత్తరం మాత్రం వచ్చి ఉంది. అన్ని వివరాలూ ఉన్నాయి, పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు, ఏడు రోజులు, పన్నెండు నిమిషాలు. చివర ఆ పేరా కూడా ఉంది, చెక్కుచెదరకుండా. ఆవిడ మీద నాకు వచ్చినంత కోపం జన్మలో ఎవరిమీదా రాలేదు. ప్రింటు తీయించి ఫైల్లో పెట్టాను. మొదటి ఉత్తరం ఎడమ జేబులో, రెండోది కుడి జేబులో.

వీసా ఆఫీసు గుమ్మం దగ్గర ఫోను, సంచీ లాక్కుని చిన్న అలమరాలో పెట్టి తాళం వేశారు. టోకెను ఇచ్చి కుర్చీలో కూర్చోమన్నారు. వరసగా గాజు పలకల వెనక కౌంటర్లు. నా జీవితమంతా గాజు పలకల మీద పెట్టినవాటిని ఎవరో చూసి తీర్పు చెప్పడమే. ఆ రోజు పలక మీదున్నది నేను. నా ముందు కౌంటరులో ఒక ముసలాయన ఏదో గొణుగుతుంటే లోపలి మనిషి తల అడ్డంగా ఊపాడు. ఆయన పాస్‌పోర్టు ఆయన చేతికే తిరిగి వచ్చేసింది. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకోబోతే పట్టలేదు. రెండుసార్లు ప్రయత్నించి చేత్తోనే పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

లేచి ఇంటికి వెళ్లిపోదామనిపించింది. వెళ్లి డాక్టరుగారికి కాగితాలిచ్చేసి, మీరే చదవండి సార్ అంటే అయిపోతుంది. ఎవరూ నన్నేమీ అనరు. పన్నెండోసారి కూడా నన్ను చివర్లోనే తలుచుకుంటారు.

నా నంబరు పిలిచారు.

లోపల కూర్చున్నది నా వయసే ఉన్న ఒక అధికారి. నా దరఖాస్తు తెరమీద ఉంది. ఏం పని, ఎన్నేళ్లుగా, ఇంట్లో ఎవరెవరు అని అడిగాడు. చెప్పాను. తర్వాత చెయ్యి చాపాడు.

"ఆహ్వాన పత్రం ఇవ్వండి."

ఫైలు తెరిచాను. ఎడమ జేబు, కుడి జేబు. ఎడమదే ఇస్తే తెరమీద ఉన్నదానితో అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. నా వెనక ఇంకా యాభైమంది ఉన్నారు. చదవకపోవచ్చు. సీళ్ల మాస్టారి గొంతు చెవిలోనే ఉంది. నా చెయ్యి ఎడమ వైపుకే వెళ్లింది కూడా, అబద్ధమెందుకు. అయితే ఆ కాగితం మీది సంతకం కనబడింది. పొద్దుటినుంచీ నేను తిట్టుకుంటున్న మనిషి సంతకం. ఫోను మోగితే అటువైపు ఎత్తేది ఆవిడే.

కుడివైపుది తీసి గాజు కింద సందులోంచి తోశాను.

ఆయన చదివాడు. తెర వంక చూశాడు. మళ్లీ చదివాడు.

"మీరు జతచేసిన ఉత్తరంలో రెండు రోజుల శిక్షణ, పారితోషికం, పదిహేను రోజులు ఉన్నాయి. దీంట్లో అవేమీ లేవు. ఏది నిజం?"

"మీ చేతిలో ఉన్నదండీ."

"మరి మొదటిది ఎవరు రాశారు?"

"నేనే. వాళ్లు నా మాట నమ్మి సంతకం చేశారు." ఫైలు మూసి ముందు పెట్టాను. "మా ఆసుపత్రిలో ఏం అడిగినా సగం కోసి ఇస్తారండీ. అందుకని ఎప్పుడూ రెట్టింపు అడుగుతాం. ఇదీ అలాగే అనుకున్నాను. తప్పని తెలిసింది నిన్న మధ్యాహ్నం. తెలియగానే వాళ్లకి రాశాను."

ఆయన ఉత్తరం చివరి పేరా మీద పెన్ను ఆనించి, పైకి చదివాడు. "'ఈ ఉత్తరం మొదటిదానికి బదులుగా ఇస్తున్నాం. శిక్షణ, పారితోషికం, పదిహేను రోజుల బస అన్నవి వాస్తవం కావు. ఈ తప్పుల్ని మాకెవరూ ఎత్తిచూపకముందే, ఆహ్వానితురాలే స్వయంగా తెలియజేశారు.'"

ఆ వాక్యమే వద్దని వీధి దీపం కింద నిలబడి బతిమాలుకున్నాను నేను.

"తప్పు మీరే దిద్దుకుని తెచ్చారు కాబట్టి సరే" అన్నాడాయన. "ఈ పేరా లేకుండా ఈ రెండు కాగితాలూ నాకు కనబడి ఉంటే మనం ఇంతసేపు మాట్లాడుకునేవాళ్లం కాదు." మళ్లీ ఉత్తరం వంక చూశాడు. "ఎన్ని నిమిషాలు మాట్లాడతారు?"

"పన్నెండు."

"దేని గురించి?"

చెప్పాను. పాత దిమ్మలు ఎందుకు రాలిపోతాయో, రాలకుండా ఏం చేస్తానో. ఎంతసేపు చెప్పానో తెలియదు. చెబుతున్నంతసేపూ భయం గుర్తుకు రాలేదు. ఆయన మధ్యలో ఆపి, చాలన్నట్టు చెయ్యెత్తి, ఒక చీటీ చింపి ఇచ్చాడు. పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంచుకున్నాడు. నిర్ణయం వారంలో తెలుస్తుందన్నాడు. నవ్వలేదు, తల అడ్డంగానూ ఊపలేదు.

ఆ వారం నేను ముల్లుమీద కూర్చున్నట్టే గడిపాను. పాస్‌పోర్టు ఉంచుకున్నారంటే మంచిదేనంటుంది మా ఆడపడుచు. ఉంచుకుని కూడా కాదన్నవాళ్లున్నారా అంటే, మాట మార్చి నా చెప్పుల గురించి మొదలుపెడుతుంది. శుక్రవారం నాకే ఏమనిపించిందో, స్టోరుకి ఇండెంటు రాస్తూ పది సీసాలకి పది అనే రాశాను. స్టోరాయన ఎర్ర పెన్నుతో పది కొట్టేసి ఐదు వేసి పంపాడు. ఐదు సీసాలు బల్లమీద పెట్టుకుని లెక్కలు వేసుకున్నాను. వీసాకి ఏడు రోజులు అడిగాను. నిజంగా ఏడే కావాలి. ఇందులో సగం కోస్తే మూడున్నర. నా వ్యాసం కాన్ఫరెన్సు మూడోరోజు సాయంత్రం. నేను వేదికెక్కేలోపే గడువు తీరిపోతుంది.

తర్వాతి గురువారం కవరు వచ్చింది, ఆసుపత్రి చిరునామాకే. మా లేబొరేటరీలో విప్పే ధైర్యం లేక సీళ్ల మాస్టారి గదిలోకి వెళ్లి, ఆయన బల్లమీద స్టాంపుల మధ్యన పెట్టాను. ఆయన కత్తెర తీసుకుని అంచు కోశారు. పాస్‌పోర్టు బయటికి తీసి పేజీలు ఒక్కొక్కటే తిప్పారు.

ఒక పేజీ దగ్గర ఆగారు. కళ్లజోడు పైకి జరిపారు.

"ఇచ్చారమ్మాయ్."

"ఎన్ని రోజులు మాస్టారూ?"

వేలు పెట్టి చదివారు. "ఏడు." నా వంక చూశారు. "నువ్వు ఎన్ని అడిగావు?"

"ఏడే" అన్నాను.

ఆయన ఆ అంకెమీద వేలు తీయకుండా ఉండిపోయారు. ఎక్కడైనా ఎర్రగీత ఉందేమోనని ఇద్దరం వెతికాం. లేదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో అడిగింది అడిగినట్టు నా చేతికి రావడం అదే మొదటిసారి. పక్కన పెద్ద అక్షరాలతో ఒక్క పేరే ఉంది, నాది. అప్పుడు ఏడ్చాను.